ప, బ, మ పడ్డాయా లేదా: కార్టూన్ నోటికి తెలుగు మాట కుట్టడం గురించి

పోయిన వానాకాలంలో నాకొక నాలుగు నిమిషాల పిల్లల కార్టూన్ పని వచ్చింది, పడవలో వెళ్ళే ఒక తాతా మనవడి కథ. ఇంగ్లీషులో తయారైంది, తెలుగు చేసి ఇవ్వాలి. బొమ్మని ముట్టుకోవడానికి లేదు, పూర్తయిపోయిన వీడియో ఇచ్చారు. సంగీతం, నీళ్ళ చప్పుళ్ళు వేరే ట్రాకులో ఇచ్చారు, తెలుగు మాటలు కూడా వాళ్ళే రాసి ఇచ్చారు. నా పనల్లా గొంతులు పెట్టించి, ఆ మాటల్ని ఆ నోళ్ళకి కూర్చడం. కూర్చి పంపాను. మర్నాడు ఒక్క ముక్క తిరిగొచ్చింది: "లిప్ పడలేదు." అంటే మాటకీ బొమ్మ పెదాలకీ పొంతన లేదని. ఎక్కడ పడలేదో, ఎందుకు పడలేదో లేదు.

ముందు కోపం వచ్చింది. ప్రతి డైలాగూ సరిగ్గా నోరు తెరిచిన ఫ్రేములో మొదలుపెట్టి, నోరు మూసిన ఫ్రేములో ఆపాను కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. తర్వాత శబ్దం తీసేసి చూశాను, బొమ్మ తీసేసి విన్నాను, మళ్ళీ రెండూ కలిపి చూశాను. వాళ్ళు చెప్పింది నిజమే. మొదలూ చివరా కలిశాయి కానీ మధ్యలో తాత ఒకటి చెబుతుంటే తాత నోరు ఇంకోటి చెబుతోంది. దాన్ని బాగుచేస్తూ నేను నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. నేను వాదించేది ఒక్కటే: తెలుగు డబ్బింగులో మాటని ఇంగ్లీషు వాక్యం చూసి రాయకూడదు, బొమ్మ పెదాలు ఎక్కడ మూతపడుతున్నాయో చూసి రాయాలి. చాలామంది దీన్ని గొంతు ఇచ్చేవాళ్ళ తప్పనో, ఎడిటింగు తప్పనో అనుకుంటారు. తొంభై పాళ్ళు అది మాట రాసినచోటే జరిగిన తప్పు.

నోటి ఆకారాల సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే కొత్తగా నేర్చుకునే పిల్లలు నా దగ్గరికి వచ్చి మొదట అడిగేది "అక్కా, మన అక్షరాలు 56 కదా, అన్ని నోళ్ళు గీయాలా?" అని. అక్కర్లేదు. హన్నా-బార్బెరా వాళ్ళ టీవీ కార్టూన్లు ఆరు ఆకారాలతో నడిచాయి. జపాన్ యానిమేలో చాలావాటికి మూడే ఉంటాయి: మూసిన నోరు, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది. అక్కడ బొమ్మ ముందు గీసి గొంతులు తర్వాత పెట్టడం అలవాటు కాబట్టి అవి చాలు. నేను తెలుగుకి ఎనిమిది వాడతాను. పెదాలు మూసినది ప, బ, మలకి. పళ్ళు దగ్గరగా పెట్టి పెదాలు కాస్త సాగినది ఇ, ఈలకీ, క, చ, స, ట లాంటి చాలా హల్లులకీ. సగం తెరిచినది అ, ఎ, ఏలకి. బార్లా తెరిచినది ఆకి. గుండ్రంగా ఉన్నది ఒ, ఓలకి. ముందుకి ముడుచుకున్నది ఉ, ఊలకి. పై పళ్ళు కింది పెదవికి తగిలేది వ, ఫలకి. నాలుక కొన కనబడేది ల, త, దలకి. ఏమీ మాట్లాడనప్పుడు ఉండే మామూలు నోరు వీటికి అదనం.

ట, డ, ణ, ళ పలికేటప్పుడు నాలుక లోపల మడత పడుతుంది, బయటికి ఏమీ కనబడదు. "వాన"కీ "వీణ"కీ చివర నోరు ఒకటే. ఒత్తులూ అంతే, "బ"కీ "భ"కీ పెదాల్లో తేడా ఏమీ లేదు. అక్షరం చూసి నోరు గీస్తే ఇలాంటి పని బోలెడంత వృథా అవుతుంది. అంతకంటే పెద్ద మోసం సున్నాది. "పంట"లో సున్నా ణకారం, పెదాలు కలవవు. "పంపు"లో అదే సున్నా మకారం, పెదాలు కలిసి తీరాలి. కాగితం మీద రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే నా మానిటర్ పక్కన ఒక చేతి అద్దం ఎప్పుడూ ఉంటుంది. అనుమానం వస్తే అందులో చూసుకుంటూ ఒకసారి అంటాను, అంతే.

డైలాగు విడగొట్టడమంటే మాటని అక్షరాలుగా కోయడం కాదు, విన్నదాన్ని ఫ్రేములుగా కోయడం. సౌండు ఫైల్ని తెరిచి కాస్త కాస్త జరుపుతూ వింటూ, ఎక్స్‌పోజర్ షీట్‌లో ఫలానా ఫ్రేముకి ఫలానా శబ్దం అని రాసుకుంటూ పోవాలి. ఇక్కడ నేను చాలా ఏళ్ళ క్రితం చేసిన ఒక పొరపాటు చెబుతాను. అది డబ్బింగు కాదు, తెలుగులోనే మొదలైన చిన్న బొమ్మల కథ. స్క్రిప్టులో "మామిడికాయ కోసి పెట్టు మామయ్యా" అని ఉంది. నేను షీటు నింపేటప్పుడు రికార్డింగు సగం విని, సగం స్క్రిప్టు చూసి నింపాను. మా, మి, పె, మళ్ళీ మా, మ: మొత్తం ఐదుచోట్ల పెదాలు మూశాను. బొమ్మ ఆడించి చూస్తే అమ్మాయి ఏదో నములుతూ మాట్లాడుతున్నట్టుంది. తీరా రికార్డింగు నెమ్మదిగా వింటే, మా వైపు పిల్లే కదా గొంతిచ్చింది, "మావిడికాయ కోసెట్టు మావయ్యా" అంది. మాటల మధ్యలో ఉన్న మకారం వకారమైపోయింది, "పెట్టు"లో పకారం ఎగిరిపోయింది. ఐదు మూతల్లో మిగిలింది రెండే, రెండు "మా"లు. గోదావరి జిల్లాల్లో ఇది తప్పూ కాదు, బద్ధకమూ కాదు, మేము అలాగే మాట్లాడతాం. షీటు నింపేవాళ్ళు స్క్రిప్టు పక్కన పడేసి చెవితో నింపాలి అని నాకు ఆ మామిడికాయే నేర్పింది.

ఇక ప, బ, మల మీదే ఇంత పట్టు ఎందుకు అంటే, మిగతా ఆకారాల్లో కాస్త అటూ ఇటూ అయినా కన్ను క్షమిస్తుంది, వీటిలో క్షమించదు. "ఎ" దగ్గర "అ" నోరు పెట్టండి, ఎవరికీ తెలియదు. కానీ పెదాలు విడిపోయి ఉన్న నోట్లోంచి "బ" రావడం అసాధ్యమని చూసే ప్రతివాడికీ, నాలుగేళ్ళ పిల్లాడికి కూడా, వాడి ఒంటికి తెలుసు. 1976లో హారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు నేచర్ పత్రికలో ఒక ప్రయోగం ప్రకటించారు. మనిషి ముఖం "గ" అంటున్నట్టు చూపించి, పైన "బ" అనే శబ్దం వేస్తే, చూసినవాళ్ళలో చాలామందికి "ద" అని వినిపించింది. కళ్ళు మూసుకుంటే మళ్ళీ "బ"యే. అంటే పెదాలు మూసుకోకపోతే మన "బ" చెవికి కూడా సరిగ్గా చేరకపోవచ్చు. "తెలుగువాళ్ళు డబ్బింగుకి అలవాటు పడిపోయారు, పట్టించుకోరు" అని నాతో వాదించేవాళ్ళకి నేను ఇదే చెబుతాను. పట్టించుకోకపోవడం వేరు, వినబడకపోవడం వేరు. మాటలు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లలు చూసే కార్టూన్లో ఇది మరీ ముఖ్యం.

నోరు ఎంతసేపు మూసి ఉంచాలి? సెకనుకి 24 ఫ్రేముల లెక్కలో ఒక ఫ్రేము అంటే దాదాపు 42 మిల్లీసెకన్లు. ఒక్క ఫ్రేము మూత కంటికి ఆనదు, కనీసం రెండు కావాలి. చోటు లేకపోతే ముందున్న అచ్చులోంచి ఒక ఫ్రేము లాక్కోవాలి తప్ప మూతని తగ్గించకూడదు. ద్విత్వం అయితే ఇంకా ఎక్కువ: "అమ్మ", "అబ్బ", "చెప్పు" లాంటి మాటల్లో పెదాలు నిజంగానే కలిసి కాసేపు ఆగుతాయి, మూడు నాలుగు ఫ్రేములు ఇవ్వాలి. ఇంగ్లీషు మాటల్లో ఇలా ఆగడం ఉండదు కాబట్టి బయటి పుస్తకాల్లో ఈ సంగతి దొరకదు.

ముందూ వెనకా సంగతి కూడా ఉంది. నోరు శబ్దం కంటే ఒకటి రెండు ఫ్రేములు ముందు కదిలితే సహజంగా ఉంటుంది, ఎందుకంటే మనం కూడా నోరు సిద్ధం చేసుకున్నాకే పలుకుతాం. శబ్దం ముందొచ్చి నోరు వెనక వస్తే మాత్రం వెంటనే పట్టేస్తారు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ టీవీ ప్రసారాల కోసం ఇచ్చిన BT.1359 సిఫార్సులో ఈ తేడా అంకెల్లో ఉంది: శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తే చూసేవాళ్ళు కనిపెడతారు, వెనకబడితే 125 దాకా కనిపెట్టరు. మన లెక్కలో ముందుకి ఒక్క ఫ్రేము, వెనక్కి మూడు. అందుకే అనుమానం ఉన్నచోట ట్రాకుని ఒక ఫ్రేము వెనక్కే జరుపుతాను, ముందుకి ఎప్పుడూ జరపను.

ఇప్పుడు తిరిగొచ్చిన ఆ కార్టూన్ దగ్గరికి వస్తాను. ఒక షాటు తీసుకుందాం. తాత పడవ వెనక కూర్చున్నాడు, ముందు మనవడు తెడ్డు వేస్తూ ఆగిపోయి కొంగల్ని చూస్తున్నాడు. తాత ముఖం దగ్గరగా, తెర నిండా. ఆయన ఇంగ్లీషులో అనేది "కీప్ ద బోట్ మూవింగ్, బాయ్!" అని. షాటులో 9వ ఫ్రేములో మాట మొదలై 52లో అయిపోతుంది, మొత్తం 44 ఫ్రేములు, రెండు సెకన్ల కంటే కాస్త తక్కువ.

శబ్దం తీసేసి నోరు మాత్రం చూసి షీటు రాశాను. 9 నుంచి 13 దాకా పెదాలు సాగి పళ్ళు కనబడుతున్నాయి, అది "కీ". 14, 15లో మూత, "ప్". తర్వాత మూడు ఫ్రేములు కాస్త తెరుచుకుని, 19, 20లో మళ్ళీ మూత, "బోట్"లో బ. 21 నుంచి 25 గుండ్రం, 26, 27లో నాలుక. 28, 29లో మూత, "మూ". 30 నుంచి 34 దాకా ముడుచుకున్న నోరు. 35, 36లో పై పళ్ళు పెదవి మీద, "వ్". 40 దాకా సాగిన నోరు, ఆ తర్వాత రెండు ఫ్రేములు మామూలు నోరు, చిన్న విరుపు. 43, 44లో చివరి మూత, "బాయ్"లో బ. 45 నుంచి 48 గుండ్రం, 49 నుంచి 52 దాకా సాగి ఆగిపోతుంది. ఇందులో నాకు నిజంగా కావలసినవి నాలుగు మూతలు, 14, 19, 28, 43. ఆ తర్వాత మూడు గుండ్రాలు. మిగతావి ఎలా ఉన్నా సర్దుకోవచ్చు.

నాకు రాసిచ్చిన తెలుగు మాట ఇది: "పడవని నడుపుతూనే ఉండు, బాబూ!" అర్థంలో ఏ లోటూ లేదు, ఇంగ్లీషులో ఉన్న ప్రతి ముక్కా ఇందులో ఉంది. కానీ పలికి చూడండి, పదమూడు అక్షరాలు. 44 ఫ్రేముల్లో పదమూడు అంటే ఒక్కోదానికి మూడున్నర కూడా రాదు. తాపీగా పడవలో కూర్చున్న ముసలాయన బస్సు కండక్టర్లా ఊళ్ళ పేర్లు చదివినట్టు చదవాలి. అదొక కష్టం. అసలు కష్టం మూతల దగ్గర. మొదటి అక్షరమే "ప", కానీ 9వ ఫ్రేములో తాత నోరు తెరిచి పళ్ళు చూపిస్తున్నాడు. 14లో ఆయన పెదాలు మూస్తే వినిపించేది "డ". 43లో పెదాలు మూసినప్పుడు "ఉండు"లో "డు" వినిపిస్తోంది, 46లో నోరు గుండ్రంగా తెరిచి ఉన్నప్పుడు "బా", 50లో పళ్ళు చూపిస్తున్నప్పుడు "బూ". ఒక్క "పు" మాత్రం 28 దగ్గర మూతలో పడింది, అదీ అదృష్టం కొద్దీ. లిప్ పడలేదంటే ఇదీ.

ఆ తాతకి గొంతిచ్చింది మా బాబాయి. ఆయన నటుడు కాదు, కొత్తపేట దగ్గర మా ఊళ్ళో కొబ్బరి వ్యాపారం, కానీ చిన్నప్పుడు నాటకాల్లో పద్యాలు పాడిన గొంతు. పరుపులు గోడలకి ఆనించిన మా వెనక గదిలో, ఫ్యాను ఆపేసి, చెమటలు కారుతూ కూర్చుని ఆ లైను ఎనిమిదిసార్లు చెప్పి, హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, "అమ్మడూ, పడవని నడుపుతూనే ఉండు అని ఏ తాతైనా అంటాడా? 'పోనీ' అంటాం. పడవ కళ్ళముందే ఉందిగా, దాని పేరెత్తడం ఎందుకు?" అన్నారు.

ఆ రాత్రంతా నాకు అదే ఆలోచన. "పోనీ." ప అంటే మూత. ఓ అంటే గుండ్రం. నీ అంటే నాలుక, సాగిన నోరు. బొమ్మలో "బోట్" అన్న చోట ఉన్నదీ అదే: మూత, గుండ్రం, నాలుక. అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది. ఆయన సింకు చూసి చెప్పలేదు, మాట్లాడే తీరు చెప్పారు. కానీ మాట పొట్టిదై, అసలు మనిషి అనే మాటై వచ్చేసరికి నోట్లో కూర్చుంది.

అక్కణ్ణుంచి మిగతావి వెతికాను. 28లో మూత, ఆ తర్వాత ముడుచుకున్న నోరు: "ముం". ముందుకి! "దుకి" వచ్చేసరికి 35, 36లో వకారం నోటి మీద "దు" పడుతుంది, రెండు ఫ్రేములే, పైగా పై పళ్ళు కనబడే ఆకారం కాబట్టి కన్ను ఒప్పుకుంటుంది. "కి" దగ్గర సాగిన నోరు చక్కగా ఉంది. ఇక మొదట్లో సాగిన నోరు, వెంటనే మూత, తర్వాత కాస్త తెరవడం. ఎదురుగా ఆగిపోయిన మనవడు, చెప్పింది మళ్ళీ చెబుతున్న తాత. "చెప్పా!" సరిపోయింది. చివర్న "బాయ్" కోసం ముందు "బుల్లోడా" అనుకున్నాను, మా వైపు మాట, నాకు చాలా ఇష్టం. బ మూత, ఉ, లో రెండూ గుండ్రం, అంతవరకూ బ్రహ్మాండం. కానీ చివర "డా" దగ్గర నోరు బార్లా తెరవాలి, బొమ్మలో తాత పళ్ళు చూపిస్తూ నోరు సన్నగా చేసి ఆగిపోతున్నాడు. ఇష్టమైన మాటని వదులుకోవాల్సి వచ్చింది. మూత, ముడుచుకున్న నోరు, సాగిన నోరు: "బుజ్జీ".

"చెప్పా! పోనీ ముందుకి, బుజ్జీ!" తొమ్మిది అక్షరాలు, ఒక్కోదానికి దాదాపు ఐదు ఫ్రేములు. నాలుగు మూతలకీ నాలుగు పెదవి అక్షరాలు: ప్ప, పో, ము, బు. మధ్యలో దొంగమూత ఒక్కటీ లేదు. "కీప్", "బోట్" అనే అర్థాలు మాటలోంచి పోయాయి, నిజమే, కానీ బోటు తెర మీద ఉంది, ఆగొద్దన్న మాట "పోనీ"లో ఉంది. మూలానికి ద్రోహం చేశానని నాకు అనిపించలేదు. పుస్తకం అనువాదం వేరు, అక్కడ పాఠకుడికి మాట తప్ప ఇంకేమీ ఉండదు. ఇక్కడ సగం అర్థం బొమ్మ మోస్తోంది, బొమ్మ మోసేదాన్ని మళ్ళీ మాట నెత్తికెత్తితే రెండూ కుంటుతాయి.

రికార్డు చేశాక ఒక్క చోట ఇబ్బంది మిగిలింది. "చెప్పా"లో "ప్ప" ద్విత్వం, బాబాయి దాన్ని ఒత్తి నాలుగు ఫ్రేముల పొడుగు పలికారు. బొమ్మలో మూత రెండు ఫ్రేములే. మొత్తం మాటని సాఫ్ట్‌వేర్లో నొక్కి పొట్టి చేయొచ్చు కానీ వందకి ఐదు దాటి నొక్కితే నా చెవికి గొంతు తేడా తెలిసిపోతుంది. దానికంటే మంచి దారి ద్విత్వంలోనే ఉంది. "ప్ప", "ట్ట", "క్క" పలికేటప్పుడు మధ్యలో నిజంగా నిశ్శబ్దం ఉంటుంది, సౌండు గీతలో అక్కడ చదునుగా కనబడుతుంది. ఆ చదునులోంచి ఒక ఫ్రేము కోసి తీసేస్తే అతుకు ఎవరికీ వినబడదు. దర్జీ కుట్టు దగ్గర బట్ట లోపలికి మడిచినట్టు అన్నమాట. అలాగే సాగదీయాలంటే అక్కడే ఒక ఫ్రేము నిశ్శబ్దం చేర్చొచ్చు. తెలుగులో ద్విత్వాలు ఇన్ని ఉండటం కూర్చేవాళ్ళకి పెద్ద వరం. కానీ హద్దు ఉంది. ఎక్కువ కోస్తే ద్విత్వం ఒంటి హల్లయిపోతుంది, "గడ్డి" కాస్తా "గడి" అయిపోతుంది. అందుకని నాలుగులో ఒకటే తీశాను, మూడు మిగిలింది. బొమ్మలో 14, 15 మూత, 16లో నోరు అప్పుడే తెరుచుకుంటోంది. శబ్దం ఒక్క ఫ్రేము వెనక ఉన్నట్టు లెక్క, ఇందాక చెప్పిన హద్దులోనే ఉంది. అలాగే వదిలేశాను, ఆడించి చూస్తే ఎక్కడా తగల్లేదు.

బొమ్మ మన చేతిలోనే ఉంటే, నోళ్ళు మార్చుకునే వీలుంటే పని చాలా తేలిక. అప్పుడు తెలుగు ట్రాకు ముందు రికార్డు చేసి, రుబార్బ్ లిప్ సింక్ అనే ఉచిత ప్రోగ్రాముకి ఇస్తే నోటి ఆకారాల చిట్టా రాసిస్తుంది. అది మామూలుగా ఇంగ్లీషు మాటలు గుర్తుపట్టడానికి చూస్తుంది కాబట్టి తెలుగుకి -r phonetic అనే ముక్క తప్పనిసరిగా చేర్చాలి:

```
rhubarb -r phonetic -o noru.tsv tata.wav
```

వచ్చే ఫైల్లో ప్రతి వరసలోనూ ఒక సమయం, ఒక అక్షరం ఉంటాయి. అందులో A అంటే మూసిన నోరు, D అంటే బార్లా తెరిచినది, F అంటే ముడుచుకున్నది, X అంటే ఖాళీ నోరు. సమయాన్ని 24తో గుణిస్తే ఫ్రేము వస్తుంది. నేను దీన్ని మొదటి చిత్తుగా మాత్రమే వాడతాను, A ఉన్న ప్రతి చోటూ చెవితో సరిచూసుకుంటాను, ద్విత్వాల దగ్గర మరీ.

ఒక్కోసారి తప్పు మాటలోనూ ఉండదు, నోట్లోనూ ఉండదు. దీన్ని పట్టుకోవడం తేలికే. వీడియో మొదట్లో సింకు బాగుండి పోనుపోను దూరమైపోతుంటే అది ఫ్రేముల లెక్క తేడా. 24లో తీసిన బొమ్మని ఎడిటింగులో 25 అనుకుని ఆడిస్తే నిమిషానికి దాదాపు రెండున్నర సెకన్లు జారిపోతుంది. అదే మొదటి నుంచి చివరి దాకా ఒకే కొలతలో తప్పుతుంటే ట్రాకు తప్పు చోట మొదలైందన్నమాట, మొత్తాన్ని ఒకేసారి జరిపితే పోతుంది. ఈ రెండూ చూడకుండా డైలాగులు ఒక్కొక్కటీ జరుపుతూ కూర్చున్నవాళ్ళని చూశాను, రెండు రోజుల పని నీళ్ళలో పోసినట్టే.

ఇంకో మాట, అన్ని షాట్లకీ ఇంత తిప్పలు పడక్కర్లేదు. పడవ దూరంగా, తాత తల వేలెడంత ఉన్న షాట్లలో నోరు కదులుతోందా ఆగిందా అన్నదే కనబడుతుంది, అక్కడ మొదలూ చివరా కలిస్తే చాలు, మాట కావలసినంత స్వేచ్ఛగా రాసుకోవచ్చు. తాత వీపు కనబడే షాట్లు ఉన్నాయి చూశారూ, వాటిలో నేను దగ్గరి షాట్లలో వదిలేసిన ముక్కలన్నీ చేర్చుకుంటాను. "పడవ" అనే మాట అలాగే ఒక వీపు షాటులో చేరింది.

కష్టమంతా మాట చివర్లో వస్తుంది. ఇంగ్లీషు మాటలు చాలావరకు హల్లుతో టక్కున మూసుకుంటాయి, మన మాటలు అచ్చుతో తెరుచుకుని ముగుస్తాయి. బొమ్మ నోరు మూసేశాక కూడా తెలుగు అచ్చు గాల్లో వేలాడుతుంటుంది. ఆ కార్టూన్ చివరి షాటులో మనవడు కొంగల్ని వదిలి తెడ్డు అందుకుంటే తాత అంటాడు, "లెట్స్ గో హోమ్." చివర మకారం, పెదాలు కలిసి అలాగే నవ్వులోకి వెళ్ళిపోతాయి. నాకు రాసిచ్చింది "మనం ఇంటికి వెళ్ళిపోదాం పద". "పద" దగ్గర నోరు మూసి ఉంది, అచ్చు వినబడుతోంది. ఆ "పద" తీసేస్తే చాలు, మన "దాం"లో మకారం చివరే ఉంది కదా, చూద్దాం, చేద్దాం, వెళ్దాం అన్నీ పెదాలు కలిపి ముగిసేవే. ముందున్న "మనం" కూడా అనవసరమే, తాతా మనవడూ తప్ప పడవలో ఇంకెవరున్నారు? "ఇంటికెళ్దాం" అని రాసి బాబాయికి ఇచ్చాను.

మొదటి టేక్ విని షీటు చూసుకుంటే చివర మకారం లేదు. మామూలు మాటల్లో మనం దాన్ని ముక్కుతో తేల్చేసి వదిలేస్తాం, పెదాలు పూర్తిగా కలవవు, బాబాయీ అలాగే అన్నారు. తప్పని ఎలా అంటాను, మనిషి మాట్లాడే తీరే అది. కానీ ఈ ఒక్క చోట బొమ్మ పెదాలు కలుపుతోంది. గదిలోకి వెళ్ళి, "బాబాయ్, చివర్న పెదాలు మూసి అలాగే ఉంచు, నవ్వొస్తే లోపలే నవ్వు" అన్నాను. ఆయ్ అన్నారు. రెండో టేక్‌లో మూశారు, మూసి ముక్కుతో చిన్నగా నవ్వారు, ఆ నవ్వు కూడా బొమ్మ నవ్వు మీద పడింది, అది నేను కొయ్యలేదు.